జీతం తగ్గింది, లోన్ గడువు పెంచమని ఎలా రాయాలి?

ప్రశ్న: ఇంటి లోన్‌లో అసలు ఇంకా 18 లక్షలు ఉంది. వడ్డీ 9 శాతం. పదేళ్ళు మిగిలింది, నెలకు 22,802 కడుతున్నాను. ఉద్యోగం పోయింది, కొత్తచోట జీతం 68 వేల నుంచి 44 వేలకు పడిపోయింది. ఇంటి ఖర్చులు పోను 20 వేలకు మించి మిగలడం లేదు. గడువు 15 ఏళ్ళకు పెంచమని బ్యాంకుకు ఉత్తరం రాశాను. మిగిలిన 120 వాయిదాలు కలిపితే 27,36,240 కాబట్టి, దాన్ని 180తో భాగించి నెలకు 15,201 కడతానన్నాను. లెక్క కుదరదని తిప్పి పంపేశారు. తప్పెక్కడ? ఒక వాయిదా ఆపితే తప్ప వాళ్ళు పట్టించుకోరని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? నా వయసు 43, రిటైర్మెంట్ 60కి.

సమాధానం: మీరు బాకీ ఉన్నది 27,36,240 కాదు, 18 లక్షలే. తప్పంతా అక్కడే జరిగింది. ఆ పెద్ద అంకెలో రాబోయే పదేళ్ళ వడ్డీ కూడా, 9 లక్షల 36 వేల పైచిలుకు, కలిసి ఉంది. ఆ వడ్డీ ఇంకా పుట్టలేదు. మీరు పదేళ్ళలో తీర్చేస్తే అంతే పుడుతుంది, నెమ్మదిగా తీరిస్తే ఇంకా ఎక్కువ పుడుతుంది. పదేళ్ళ వడ్డీని పదిహేనేళ్ళకు పరిచారంటే, చివరి ఐదేళ్ళూ బ్యాంకు డబ్బును వడ్డీ లేకుండా వాడుకుంటానని అడిగినట్టయింది. మీ ఉద్దేశం అది కాకపోయినా మీ లెక్క చెబుతున్నది మాత్రం అదే.

ఒక్క నెల తీసుకుని చూస్తే విషయం తేటపడుతుంది. 18 లక్షల మీద 9 శాతం అంటే నెలకు 0.75 శాతం, అంటే 13,500 వడ్డీ. ఇప్పుడు మీరు కట్టే 22,802లో ఈ 13,500 పోగా 9,302 అసలులోకి వెళుతోంది. మీరు ప్రతిపాదించిన 15,201లో అయితే అసలులోకి వెళ్ళేది 1,701 మాత్రమే. ఆ వేగంతో లోన్ తీరడానికి 180 నెలలు కాదు, 293 నెలలు దాటుతుంది. అంటే దాదాపు ఇరవై నాలుగున్నరేళ్ళు. ఉత్తరం చదివిన అధికారికి ఇది కంప్యూటర్ ముందు ఒక్క నిమిషం పని. అంకె తప్పని తేలాక, పక్కనే ఉన్న మీ కష్టాన్ని చదివే ఓపిక ఆయనకు ఉండదు.

సరైన వాయిదాకు కావలసినవి మూడే: ఈ రోజున్న అసలు, వడ్డీ రేటు, ఇకపై ఎన్ని నెలలు. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరిచి ఒక గడిలో ఇది టైప్ చేయండి:

```
=PMT(9%/12, 180, -1800000)
```

18,256.80 అని వస్తుంది. రౌండ్ చేస్తే 18,257. మీ ఉత్తరంలో ఉండాల్సిన అంకె ఇదీ. 15,201 కంటే మూడు వేలు ఎక్కువే అయినా, మీకు మిగిలే 20 వేలలో ఇమిడిపోతోంది.

అదే గడిలో 180 బదులు 240 పెట్టి చూడండి, 16,195 వస్తుంది. 300 పెడితే 15,106. మొదటి ఐదేళ్ళు పెంచినప్పుడు వాయిదా నాలుగున్నర వేలు తగ్గింది. తర్వాతి ఐదేళ్ళకు తగ్గింది రెండు వేలు, ఆ తర్వాతి ఐదేళ్ళకు వెయ్యి పైచిలుకే. ఎంత సాగదీసినా 13,500 కిందికి మాత్రం రాదు, ఎందుకంటే నెల వడ్డీయే అంత. అందుకే గడువు ఎంత ఎక్కువ అడిగితే అంత లాభమన్న మాట ఒక హద్దు దాటాక పనిచేయదు. వడ్డీ మాత్రం ఏ హద్దూ లేకుండా పెరుగుతూ పోతుంది. పదేళ్ళలో తీరిస్తే ఇకపై కట్టే వడ్డీ 9.36 లక్షలు, పదిహేనేళ్ళకు 14.86 లక్షలు, ఇరవయ్యేళ్ళకు 20.87 లక్షలు. ఇరవయ్యేళ్ళ దారిలో వడ్డీ అసలునే మించిపోతోంది!

మరి ఎన్ని నెలలు అడగాలి? దీన్ని తిరగేసి లెక్క వేయవచ్చు. నెలకు 20 వేలు కట్టగలిగితే ఎన్ని నెలలు పడుతుందో ఈ ఫార్ములా చెబుతుంది:

```
=NPER(9%/12, -20000, 1800000)
```

జవాబు 150.4. అంటే 151 నెలలు చాలు. వడ్డీ ఒక్కటే చూస్తే ఇదే చవక. అయినా నేను మీకు 180 నెలలే సరైనదంటాను. 151 నెలల వాయిదా 19,958, మీ దగ్గర మిగిలేది 20 వేలు. ఒక నెల ఆస్పత్రి ఖర్చు వచ్చినా, బండి రిపేరుకొచ్చినా వాయిదా తప్పుతుంది. గడువు సడలించాక కూడా వాయిదా తప్పితే మళ్ళీ సడలించమని అడగడం చాలా కష్టం, రెండోసారి మీ మాట నమ్మించడం ఇంకా కష్టం. 18,257 దగ్గర ఆగితే నెలకు 1,743 ఊపిరి ఉంటుంది. గొప్పగా లేదు కానీ, ఉంది. 240 నెలలు అడిగితే మీ వయసు అడ్డొస్తుంది. అప్పటికి మీకు 63, రిటైర్మెంట్ 60కి. జీతగాళ్ళ లోన్ రిటైర్మెంట్ లోపు తీరాలని చాలా బ్యాంకులు పట్టుబడతాయి. 180 నెలలైతే 58కే ముగుస్తుంది. ఈ వాక్యం ఉత్తరంలో పెట్టండి, అధికారి మనసులో మెదిలే ప్రశ్నకు ముందే జవాబు దొరుకుతుంది.

ఐదున్నర లక్షల అదనపు వడ్డీ చూసి టెన్షన్ పడకండి. అది 180 నెలలూ కనీస వాయిదాతోనే గడిపితే పడే భారం. రెండేళ్ళు 18,257 కట్టి, జీతం కోలుకున్నాక మళ్ళీ 22,802కి వచ్చేశారనుకోండి. రెండేళ్ళకు అసలు సుమారు 16.75 లక్షలు ఉంటుంది, అక్కడి నుంచి 108 వాయిదాల్లో తీరిపోతుంది. మొత్తం 132 నెలలు. ఇప్పటి గడువు కంటే ఏడాదే ఎక్కువ, అదనపు వడ్డీ సుమారు లక్షన్నర. కాబట్టి ముందుగా ఎక్కువ కడితే పెనాల్టీ ఉండకూడదన్న మాట ఉత్తరంలో అడగండి. గడువు పెంచడం కంటే ఇది చిన్న కోరికే, కానీ మీకు నాలుగు లక్షలు మిగిల్చేది ఇదే.

ఇక మీ ఫ్రెండ్ సలహా. వాయిదా ఆపకండి. వరసగా కడుతూ వచ్చినవాడు ఇబ్బంది ముందే చెప్పుకుంటే అది ఒక రకం ఫైలు. వాయిదా ఎగ్గొట్టాక అడిగితే అది వసూళ్ళ విభాగానికి వెళ్ళే ఫైలు. అక్కడ కూర్చున్నవాళ్ళ పని మీ గడువు పెంచడం కాదు, బాకీ రాబట్టడం. పైగా జరిమానా, క్రెడిట్ రిపోర్టులో ఆలస్యపు గుర్తు. వచ్చే నెల కట్టలేననిపిస్తే ఈ నెలే ఉత్తరం ఇవ్వండి, డ్యూ డేట్‌కు కనీసం రెండు మూడు వారాల ముందు.

ఇది చదివే వేరెవరికైనా ఇప్పటికే ఒక వాయిదా తప్పి ఉంటే, బాకీకి కలపాల్సింది ఆ వాయిదా మొత్తం కాదు. మీ ఉదాహరణలోనే చూస్తే, తప్పిన 22,802లో 9,302 అసలు భాగం. అది కట్టలేదు కాబట్టి ఇంకా 18 లక్షల లోపలే ఉంది. కొత్తగా చేరేది ఆ నెల వడ్డీ 13,500, దాంతోపాటు ఆలస్య రుసుము ఏదైనా ఉంటే అది. అంటే లెక్క 18,13,500 మీద వేయాలి, వాయిదా 18,394 అవుతుంది. 18,22,802 మీద వేస్తే అసలులో కొంత రెండుసార్లు లెక్కలోకి వచ్చినట్టే. నెలకు 94 తేడాయే కదా అనిపిస్తుంది, 180 నెలలకు అది 17 వేలు.

ఉత్తరం రాసే ముందు లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని, ‘మిగిలిన అసలు’ అన్న గడిలో ఏ తేదీకి ఎంత ఉందో చూసుకోండి. మీరు 18 లక్షలని గుండ్రంగా చెప్పారు, స్టేట్‌మెంట్‌లో పైసలతో సహా ఇంకో అంకె ఉండొచ్చు. ఉత్తరంలో స్టేట్‌మెంట్ అంకే ఉండాలి, దాని మీదే వాయిదా మళ్ళీ లెక్క వేయాలి. ఇంకో జాగ్రత్త ఉంది. ‘గడువు 15 ఏళ్ళకు పెంచండి’ అని రాయకండి. లోన్ తీసుకున్న రోజు నుంచి 15 ఏళ్ళా, ఈ రోజు నుంచా అన్నది తేలదు. మీ లోన్ మొదట్లోనే 15 ఏళ్ళదైతే, ఉన్న గడువునే అడిగినట్టవుతుంది. ‘మిగిలిన 120 నెలలను 180 నెలలకు’ అని రాస్తే గొడవే లేదు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీ కేసుకు నేనైతే ఇలా రాస్తాను:

---

రుణ విభాగం అధికారి గారికి,

విషయం: ఇంటి రుణం ఖాతా నం. (మీ నంబరు) – మిగిలిన గడువును 120 నెలల నుంచి 180 నెలలకు పెంచమని అభ్యర్థన.

అయ్యా,

పై ఖాతాలో (తేదీ) నాటి స్టేట్‌మెంట్ ప్రకారం మిగిలిన అసలు 18,00,000. వడ్డీ సంవత్సరానికి 9 శాతం, నెల వాయిదా 22,802, మిగిలినవి 120 వాయిదాలు. ఇంతవరకు ఏ వాయిదా తప్పలేదు.

(తేదీ)న నా పాత ఉద్యోగం పోయింది. (తేదీ) నుంచి కొత్త సంస్థలో పనిచేస్తున్నాను. చేతికొచ్చే జీతం నెలకు 68,000 నుంచి 44,000కు తగ్గింది. ఇప్పటి వాయిదా నా జీతంలో 52 శాతం అవుతోంది. కుటుంబ ఖర్చులు 24,000 పోగా నెలకు 20,000 మిగులుతోంది. కాబట్టి ఈ వాయిదాను కొనసాగించలేను.

రుణం పూర్తిగా తీర్చాలన్నదే నా ఉద్దేశం. అసలులో గానీ వడ్డీలో గానీ మాఫీ కోరడం లేదు. వడ్డీ రేటు మార్చకుండా, మిగిలిన గడువును వచ్చే వాయిదా నుంచి 180 నెలలుగా నిర్ణయించమని కోరుతున్నాను. 18,00,000 అసలుపై, 9 శాతం వడ్డీకి, 180 నెలలకు నా లెక్క ప్రకారం వాయిదా 18,257. ఇది నా జీతంలో సుమారు 41 శాతం, నేను క్రమం తప్పకుండా కట్టగలిగిన మొత్తం. దీనివల్ల మొత్తం వడ్డీ సుమారు 5.5 లక్షలు పెరుగుతుందని నాకు తెలుసు. రుణం నాకు 58 ఏళ్ళు వచ్చేసరికి, అంటే ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందే, ముగుస్తుంది.

మార్పు అమల్లోకి వచ్చే తేదీకి అసలు మారితే, ఆ అసలుపైనే వాయిదా తిరిగి లెక్కించగలరు. ఆదాయం మెరుగైనప్పుడు అదనంగా కట్టే మొత్తాలను రుసుము లేకుండా అసలుకు జమచేసుకోవాలని కూడా కోరుతున్నాను.

ఈ మార్పుకు ఏమైనా రుసుము ఉందా, క్రెడిట్ రిపోర్టులో దీన్ని ఎలా నమోదు చేస్తారు అన్నవి రాతపూర్వకంగా తెలియజేయగలరు. మీ నిర్ణయం వచ్చేవరకు ఇప్పటి వాయిదానే కట్టడానికి ప్రయత్నిస్తాను.

జతపరచినవి: పాత ఉద్యోగం నుంచి రిలీవింగ్ లెటర్, కొత్త నియామక పత్రం, పాత, కొత్త జీతపు స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, రుణ ఖాతా స్టేట్‌మెంట్.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్, తేదీ, సహ రుణగ్రహీత సంతకం)

---

లోన్‌లో మీ భార్య గానీ ఇంకెవరైనా గానీ సహ రుణగ్రహీతగా ఉంటే వాళ్ళ సంతకం తప్పనిసరిగా పెట్టించండి. పూచీదారు ఉంటే ఆయనకూ ముందే చెప్పండి, కొత్త గడువుకు ఆయన ఒప్పుకోలు అడగవచ్చు. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. కౌంటర్లో ‘చూస్తాం లెండి’ అన్నది జవాబు కాదు.

‘కట్టడానికి ప్రయత్నిస్తాను’ అన్న మాట కావాలనే పెట్టాను. ‘తప్పక కడతాను’ అని రాసి తర్వాత కట్టలేకపోతే అదే కాగితం మీ మీదికి వస్తుంది. బ్యాంకు నిర్ణయానికి నెల పైన పట్టినా పట్టొచ్చు. ఆ లోపు కాస్త దాచుకున్నది తీసి అయినా పాత వాయిదా నడిపించగలిగితే మంచిది.

‘మంజూరైంది’ అని మెసేజ్ వస్తే అక్కడితో పని అయిపోదు. కొత్త వాయిదాల పట్టిక అడిగి తీసుకుని మొదటి వరస చూడండి. 18 లక్షల మీద అయితే వడ్డీ గడిలో 13,500, అసలు గడిలో 4,757 ఉండాలి. ఈలోగా పాత వాయిదాలు కట్టి ఉంటే, తగ్గిన అసలును 0.0075తో గుణించి సరిచూసుకోండి. వడ్డీ అంకె మీ లెక్కకంటే ఎక్కువ కనబడితే రెండు కారణాలు ఉండొచ్చు: ఏదో రుసుము తెచ్చి అసలులో కలిపారు, లేదా రేటు పెంచారు. గడువు పెంచే సందర్భంలో రేటు అర శాతం జరపడం కొన్నిచోట్ల ఉంది. 9.5 శాతమైతే ఇదే 180 నెలలకు వాయిదా 18,796 అవుతుంది. అది ఒప్పందంలో ఉందా, ఎందుకు పెంచారు అని సంతకం చేయకముందే అడగాలి. చేశాక అడిగితే ‘మీరు ఒప్పుకున్నారు కదా’ అంటారు.

బ్యాంకు ఒకవేళ 151 నెలలకే ఒప్పుకుంటామని అంటే వెంటనే తల ఊపకండి. 19,958 మీరు మోయలేని బరువు కాదు గానీ, అందులో మీకు మిగిలేది నలభై రెండు. మధ్యలో 168 నెలలు అడగండి, వాయిదా 18,881 వస్తుంది. అది కూడా కాదంటే మొదటి ఏడాది తక్కువ, తర్వాత కాస్త ఎక్కువ ఉండే మెట్ల వాయిదా కుదురుతుందేమో అడగవచ్చు. కాకపోతే మొదటి ఏడాది వాయిదా కూడా 13,500 కంటే ఎక్కువే ఉండేలా చూసుకోండి. దానికంటే తక్కువైతే మీరు కడుతూనే ఉంటారు, అసలు పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో రెండు చిన్న పనులు మర్చిపోవద్దు. ఆటో డెబిట్ పాత 22,802కే ఉంటే కొత్త మొత్తానికి మార్పించాలి. లేకపోతే మొదటి నెలే ఖాతాలో డబ్బు చాలక చెక్కు తిరిగినట్టు అవుతుంది, దానికి మళ్ళీ జరిమానా. లోన్‌తోపాటు జీవిత బీమా తీసుకుని ఉంటే దాని గడువు కూడా చూడండి. అది పాత లెక్క ప్రకారం పదేళ్ళకే ఆగిపోతే చివరి ఐదేళ్ళకు కవరేజీ ఉండదు. 180 నెలల పట్టికలో 120వ నెల తర్వాత కూడా 8.8 లక్షల అసలు మిగిలే ఉంటుంది. పాలసీని పొడిగించడానికి ఎంతవుతుందో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.